వాలిన తల, ఎగుడుదిగుడు భుజాలు: ఒక పెద్దావిడ పటం సరిచేసిన తీరు

మా స్టూడియోకు ఎక్కువగా వచ్చే పని గోడకు తగిలించే పటాలు. ఇంట్లో పెద్దవాళ్లు పోయాక, ఉన్న ఫొటోల్లో ఒకదాన్ని ఎంచుకుని, వెనకాల ఉన్నదంతా తీసేసి, నిటారుగా కనిపించేలా చేసి, పెద్దకర్మ నాటికి ఫ్రేము కట్టి ఇవ్వాలి. ఇక్కడ రాస్తున్నది అలాంటి ఒక పటం సంగతి. కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. కొలతలు మాత్రం నా నోటుపుస్తకంలో రాసుకున్నవే. రెండుసార్లు తప్పుదారిలో వెళ్లి మూడోసారి కుదిరిన పని ఇది. ఆ రెండు తప్పులూ చాలామంది రిటచింగు చేసేవాళ్లు రోజూ చేసేవే కాబట్టి పూర్తిగా రాస్తున్నాను.

వచ్చిన ఫొటో

డెబ్బై దాటిన ఆవిడ. పిల్లలు తెచ్చింది ఒక పెళ్లిలో తీసిన గుంపు ఫొటో. పట్టుచీర, చెవులకు బుట్టలు, మెడలో నల్లపూసలు, సూత్రాలు, జడలో మల్లెపూలు. ఆవిడ కుడిచేతి పక్కన, అంటే చూసేవారికి ఎడమవైపున, మనవరాలు నిలబడి ఉంది. ఆ పాప వైపు కాస్త ఒరిగి, తల కూడా అటే వాల్చి నవ్వుతున్నారు. మొదట ఫోనులో వచ్చిన చిన్న ఫొటో పంపారు. అందులో ముఖం మీద గళ్లు గళ్లుగా కనిపించింది. పెళ్లి ఫొటోలు తీసినవారి దగ్గర నుంచి అసలు ఫైలు తెప్పించుకోమని చెప్పి, అది వచ్చాకే పని మొదలుపెట్టాను. అసలు ఫైలులో ముఖం, నడినెత్తి నుంచి గడ్డం వరకు, 620 పిక్సెళ్లు ఉంది. 12×18 అంగుళాల పటానికి అది గొప్ప కొలత కాదు గానీ సరిపోతుంది.

కొడుకు అడిగినది సూటిగా ఉంది. "తల నిటారుగా, భుజాలు సమంగా రావాలండీ. ముఖం మాత్రం మారకూడదు."

ఇంకా మంచి ఫొటో లేదా అని అడిగాను. పింఛను కోసం తీయించిన పాస్‌పోర్టు సైజు ఫొటో ఒకటి ఉందన్నారు. అందులో ఆవిడ బిగుసుకుని ఉన్నారు, పటానికి అది వద్దన్నారు. అయినా దాన్ని తెచ్చి ఇవ్వమన్నాను. కెమెరాకు ఎదురుగా, తల నిటారుగా పెట్టి తీసిన ఫొటో ఒక్కటైనా చేతిలో ఉంటే ఆ ముఖం సహజంగా ఎలా ఉంటుందో కొలిచి తెలుసుకోవచ్చు. ఈ పనిలో అదే చివరకు నాకు ఆధారమైంది.

మొదటి ప్రయత్నం: ఒకే దెబ్బలో రెండూ

చూడగానే కనిపించింది ఇది: కళ్లు ఎడమవైపుకు దిగి ఉన్నాయి, భుజాలు కూడా అటువైపుకే దిగి ఉన్నాయి. రెండూ ఒకే దిక్కు వాలితే ఒకే కదలికతో రెండూ లేస్తాయి కదా అనిపించింది. ఫొటోషాప్‌లో ఆవిడ బొమ్మను కత్తిరించి వేరే లేయర్‌లో పెట్టుకుని, `Edit > Transform > Skew` తీసుకుని, ఎడమ అంచును పైకి లాగాను. కళ్లు సమమయ్యాయి. భుజాలు కూడా దాదాపు సమమయ్యాయి. మెడ దగ్గర అతుకు లేదు, ఖాళీ లేదు. అయిదు నిమిషాల్లో పని అయిపోయినట్టే కనిపించింది. చిన్న ప్రింటు తీసి చూపించాను.

ఆవిడ కూతురు ఆ ప్రింటు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. "బాబూ, అమ్మ మూతి పక్కకు లాగినట్టు ఉంది. పక్షవాతం వచ్చినవాళ్లలా ఉంది" అన్నారు. కొడుక్కు మొదట తేడా తెలియలేదు. చెల్లెలు చెప్పాక ఆయనకూ కనిపించింది.

ఆవిడ మాట అక్షరాలా నిజం. Skew చేసే పనిని పేకముక్కల కట్టతో పోల్చవచ్చు. కట్టను నిలువుగా నిలబెట్టి, ముక్కల్ని ఒకదాని పక్కన ఒకటి కొంచెం కొంచెం పైకి జరిపితే అడ్డంగా ఉన్న గీతలు వాలతాయి, నిలువు గీతలు మాత్రం ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి. ఇక్కడ జరిగింది అదే. కళ్లను కలిపే అడ్డగీత లేచి సమమైంది. పాపిట, బొట్టు, ముక్కు, గడ్డం కలిపే నిలువు గీత మాత్రం పాత వాలులోనే ఉండిపోయింది. ఈ రెండు గీతల మధ్య దాదాపు 90 డిగ్రీలు ఉండవలసిన కోణం 82కు పడిపోయింది. చతురస్రంలాంటి ముఖాన్ని పక్కకు తోసిన పెట్టెలా చేశాను. అందుకే ఒక దవడ బరువుగా, మూతి లాగినట్టుగా కనిపించింది.

చూసేవారికి కోణాలు తెలియవు. కానీ ఏళ్ల తరబడి చూసిన ముఖంలో ఎనిమిది డిగ్రీల తేడాను కూతురు క్షణంలో పట్టేస్తుంది. నేను ఆవిడను ఎప్పుడూ చూడలేదు, అందుకే నాకు ఆ ముఖం బాగానే ఉందనిపించింది. అప్పటి నుంచి, మార్చిన ముఖాన్ని నా కంటితో కాకుండా కొలతతో తూచడం మొదలుపెట్టాను.

రెండో ప్రయత్నం: పిన్నులు గుచ్చి తిప్పడం

తరువాత Puppet Warp ప్రయత్నించాను. ఇందులో బొమ్మ మీద సన్నని వల పరుచుకుంటుంది. మనం గుచ్చిన పిన్నులు కీళ్లలా పనిచేస్తాయి, ఒకదాన్ని కదిపితే చుట్టుపక్కల వల దానితో పాటు సాగుతుంది. మెడ ఒక కీలు, భుజాలు రెండు కీళ్లు, కాబట్టి దీనికంటే తగిన పనిముట్టు ఏముందనుకున్నాను. నడినెత్తిన ఒకటి, గడ్డాన ఒకటి, గొంతు గుంటలో ఒకటి, రెండు భుజాలకు రెండు, మొత్తం అయిదు పిన్నులు పెట్టి నడినెత్తి పిన్నును కుడివైపుకు లాగాను.

మెడ చాలా అందంగా వచ్చింది. ముఖం మాత్రం మళ్లీ చెదిరింది, ఈసారి వేరే రకంగా. అసలు ఫొటోలో పాపిట నుంచి బొట్టు మీదుగా ముక్కు కొస వరకు స్కేలు పెట్టి గీసినట్టు నేరుగా ఉన్న గీత, ఇప్పుడు నుదుటి దగ్గర విల్లులా వంగింది. నడినెత్తి పిన్ను ఎక్కువ కదిలింది, గడ్డం పిన్ను కదలలేదు. ఆ రెంటి మధ్య ఉన్నదంతా రబ్బరులా సాగి సర్దుకుంది. Mode పెట్టెలో Rigid ఎంచుకుంటే ఈ సాగుడు తగ్గుతుంది, పోదు. ముఖంలో ఎముక ఉందన్న సంగతి ఆ వలకు తెలియదు.

ఈ రెండో తప్పుతో విషయం తేటపడింది. పనిముట్టు మంచిదా చెడ్డదా అన్నది ప్రశ్న కాదు. శరీరంలో ఏ భాగం ఎలా కదులుతుందో ఆ భాగానికి అలాంటి కదలికే ఇవ్వాలి. తల ఒక గట్టి ముద్ద. నిజజీవితంలో అది వంగదు, సాగదు, తిరుగుతుంది అంతే. మెడ చర్మం సాగుతుంది, ముడతలు పడుతుంది. చీర, పైట గుడ్డ కాబట్టి ఎటు జరిపినా ఒదుగుతాయి. మూడింటికీ ఒకే కదలిక ఇవ్వబోయి రెండుసార్లు చెడగొట్టాను.

కొలతలు: ఈ వాలు ఎవరిది?

మూడోసారి మొదలుపెట్టే ముందు దేన్నీ కదపకుండా కొలతలు మాత్రమే తీశాను. ఫొటోషాప్‌లో Ruler Tool తీసుకుని రెండు బిందువుల మధ్య గీత గీస్తే పైన పట్టీలో `A:` దగ్గర కోణం కనిపిస్తుంది.

ముందుగా ఆవిడను కాదు, వెనకాల ఉన్నవాటిని కొలిచాను. ఎడమవైపు ద్వారబంధం, కుడివైపు మండపం గుంజ, రెండూ ఎడమకే 2 డిగ్రీలు వాలి ఉన్నాయి. ఒకటి అటూ ఒకటి ఇటూ వాలి ఉంటే అది కెమెరాను పైకో కిందికో ఎత్తి పట్టడం వల్ల వచ్చిన తేడా అనుకోవాలి. రెండూ ఒకే వైపుకు, ఒకే కొలతలో వాలాయంటే కెమెరానే పక్కకు ఒరిగింది. దీనికి ఇంకో సాక్ష్యం ఆవిడ చెవుల్లోనే దొరికింది. బుట్టలు స్వేచ్ఛగా వేలాడుతాయి. తాపీమేస్త్రీ గోడ నిలువు చూడటానికి దారానికి గుండు కట్టి వదిలినట్టే, అవి తల ఎటు వాలినా నేల వైపుకే చూస్తాయి. ఫొటోలో రెండు బుట్టలూ 2 డిగ్రీలు పక్కకు ఉన్నాయి. కాబట్టి వాలులో 2 డిగ్రీలు ఆవిడవి కావు, కెమెరావి.

తరువాత ముఖం. కంటిపాపల మధ్యల్ని కలిపే గీత 9 డిగ్రీలు వాలి ఉంది. పెదవుల కొసల్ని కలిపే గీత 7.5. బొట్టు నుంచి ముక్కు మీదుగా గడ్డం మధ్యకు గీసిన నిలువు గీత 8. మూడూ ఒకటి కావు. ఈ ఫొటోలో కంటిపాపల మధ్య దూరం సుమారు 180 పిక్సెళ్లు, ఒక పిక్సెల్ అటూఇటూ అయితే కోణంలో మూడోవంతు డిగ్రీ తేడా వస్తుంది. అందుకని ప్రతి గీతా మూడేసిసార్లు గీసి సగటు తీసుకున్నాను. అయినా తేడా పోలేదు. అంటే అది నా చేతి పొరపాటు కాదు.

ఇక్కడే పాస్‌పోర్టు ఫొటో పనికొచ్చింది. అందులో బొట్టు, ముక్కు, గడ్డం గీత నిలువుగా ఉంది, కళ్ల గీత మాత్రం అదే వైపుకు 1 డిగ్రీ దిగి ఉంది. ఆవిడ ముఖమే అంత. ఎవరి ముఖమూ రెండు వైపులా అచ్చుగుద్దినట్టు ఉండదు. నేను కళ్లను సున్నాకు తెచ్చి ఉంటే ముక్కు, మూతి అవతలి వైపుకు ఒరిగేవి. అందుకే తల వాలుకు కళ్ల గీతను కాకుండా మధ్య గీతను ప్రమాణంగా తీసుకున్నాను. మధ్య గీత 8, అందులో కెమెరాది 2, మిగిలిన 6 డిగ్రీలు తల వాలు.

ఇంకొక అనుమానం కూడా తీర్చుకున్నాను. తల పక్కకు వాలడం వేరు, పక్కకు తిరిగి చూడటం వేరు. తిరిగి చూస్తే ఒక చెవి ఎక్కువగా, ఒక చెవి తక్కువగా కనిపిస్తుంది, ముక్కు ఒక చెంప వైపుకు జరిగి ఉంటుంది. దాన్ని ఏ తిప్పుడుతోనూ సరిచేయలేం. ఈ ఫొటోలో రెండు చెవులూ దాదాపు సమంగా కనిపిస్తున్నాయి కాబట్టి ఇది ఒట్టి వాలే.

చివరగా భుజాలు. కెమెరా వాలు తీసేశాక భుజాల గీత 5 డిగ్రీలు ఉంది. ఇదంతా ఒరగడం వల్ల వచ్చింది కాదు. పట్టుచీర పైట కుచ్చిళ్లు కట్టినవారి ఎడమ భుజం మీద, అంటే చూసేవారికి కుడివైపున, మందంగా పడి ఉంటాయి, ఆ భుజం ఎప్పుడూ కాస్త ఎత్తుగానే కనిపిస్తుంది. పాస్‌పోర్టు ఫొటోలో కూడా పైట వైపు 2 డిగ్రీలు ఎత్తుగానే ఉంది. చీర కట్టిన మనిషి భుజాల్ని సున్నాకు తెస్తే పైట భుజం కుంగినట్టు కనిపిస్తుంది. కాబట్టి తీయవలసింది 3 డిగ్రీలే.

కుదిరిన పద్ధతి

ముందు ఫొటో మొత్తాన్ని 2 డిగ్రీలు సవ్యదిశలో తిప్పాను. ద్వారబంధం నిలువైంది, బుట్టలు నిలువయ్యాయి. ఈ ఒక్క అడుగుతోనే ఆవిడ సగం నిటారుగా వచ్చినట్టు అనిపించింది. తరువాత ఆవిడను వెనకాల దృశ్యం నుంచి వేరుచేసి తల, మెడ, ఒళ్లు అని మూడు లేయర్‌లు చేసుకున్నాను. తలను, ఒంటిని Smart Objectలుగా మార్చాను. దీనివల్ల ఎన్నిసార్లు కోణం మార్చినా ప్రతిసారీ అసలు పిక్సెళ్ల నుంచే లెక్క కడుతుంది. మామూలు లేయర్‌ను తిప్పి, మళ్లీ తిప్పి, మళ్లీ సర్దితే ప్రతిసారీ కొంత వాడి పోతుంది. మొదటి ప్రయత్నంలో కనురెప్పల వెంట్రుకలు, జరీ అంచు మసకబారడానికి కారణం అదే.

*తల.* దీనికి తిప్పడం తప్ప ఇంకేమీ చేయకూడదని గట్టిగా అనుకున్నాను. తిప్పినప్పుడు ముఖంలో ఏ రెండు బిందువుల మధ్య దూరమూ మారదు, ఏ కోణమూ మారదు. ముఖం చెదరకుండా ఉండటానికి అంతకు మించిన పూచీ లేదు. ఇక మిగిలింది దేని చుట్టూ తిప్పాలన్న ప్రశ్న. `Ctrl+T` నొక్కితే ఇరుసు బొమ్మ నడిమధ్యన ఉంటుంది, అంటే ముక్కు దగ్గర. అక్కడే వదిలేసి 5 డిగ్రీలు తిప్పితే నడినెత్తి కుడికి వెళుతుంది, గడ్డం మాత్రం ఎడమకు 27 పిక్సెళ్లు జరుగుతుంది. మెడ ఒకచోట, గడ్డం ఒకచోట అవుతుంది. మనిషి తల ముక్కు చుట్టూ తిరగదు, మెడ మీద తిరుగుతుంది. అందుకే ఇరుసును గొంతు గుంటకు, రెండు మెడ ఎముకలు కలిసే చోటుకు, లాగిపెట్టాను. కొత్త వెర్షన్లలో ఆ ఇరుసు గుర్తు మామూలుగా కనిపించదు, పైన పట్టీలో ఎడమ చివరి గడిలో టిక్ పెడితే వస్తుంది. అక్కడ నుంచి తిప్పితే గడ్డం 16 పిక్సెళ్లు, నడినెత్తి 70 పిక్సెళ్లు, రెండూ కుడికే జరిగాయి. ఆవిడే స్వయంగా తల ఎత్తినప్పుడు జరిగేది అదే.

తీయవలసింది 6 అయితే 5 ఎందుకు తిప్పానంటే, కారణం మెడలో ఉంది. తల ఎడమకు వాలినప్పుడు ఎడమవైపు చర్మం ముడతలు పడుతుంది, కుడివైపు నరం తాడులా బిగుస్తుంది. తలను పూర్తిగా నిలబెట్టినా ఆ బిగువు, ఆ ముడతలు అలాగే ఉండి, ఈ తల ఇక్కడిది కాదని చెబుతాయి. ఒక డిగ్రీ వాలు మిగిల్చితే మెడకూ తలకూ పొత్తు కుదిరింది. నా అనుభవంలో ఈ పద్ధతి ఏడెనిమిది డిగ్రీల వరకు నిలుస్తుంది. పది దాటితే మెడ ఒప్పుకోదు. అప్పుడు వేరే ఫొటో అడుగుతాను.

*ఒళ్లు.* ఇక్కడ మొదట పనికిరాదనుకున్న Skewనే మళ్లీ తీసుకున్నాను. ఒంటిని తిప్పితే భుజాలు సమమవుతాయి గానీ, నిలువుగా వేలాడుతున్న నల్లపూసలు, పైట కుచ్చిళ్లు పక్కకు వాలతాయి. బుట్టల్లాగే అవి కూడా నేల వైపుకే చూడాలి. నిలువు దిక్కులో Skew చేస్తే నిలువు గీతలు కదలవు, అడ్డగీతలే లేస్తాయి. ముఖాన్ని పాడుచేసిన గుణమే ఇక్కడ కావలసిన గుణమైంది. ఇరుసును మళ్లీ అదే గొంతు గుంటలో పెట్టి, పైన పట్టీలో `V:` గడిలో 3 డిగ్రీలు ఇచ్చాను. భుజాల వెడల్పు 900 పిక్సెళ్లు, కాబట్టి దిగిన భుజం 24 పిక్సెళ్లు లేచింది, లేచిన భుజం 24 పిక్సెళ్లు దిగింది, గొంతు గుంట ఉన్నచోటే ఉంది. తలకూ ఒంటికీ ఒకే ఇరుసు ఉండటం వల్ల రెండూ కలిసే చోటు చెక్కుచెదరలేదు.

గుడ్డ ఎంత ఒదిగినా దానికీ హద్దు ఉంది. ఆ హద్దు చూపించేవి గుండ్రని వస్తువులు. సూత్రాల బిళ్లలు రెండూ 3 డిగ్రీల దగ్గర ఇంకా గుండ్రంగానే కనిపించాయి. పరీక్ష కోసం 6 ఇచ్చి చూస్తే కోడిగుడ్డు ఆకారం రావడం మొదలైంది. ఒంటి మీద గుండ్రని బిళ్ల గానీ, గళ్ల చొక్కా గానీ ఉంటే అవే చెబుతాయి ఎక్కడ ఆగాలో.

*మెడ.* మూడో లేయర్‌లో దవడ కింద నుంచి మెడ ఎముకల దాకా ఉన్న భాగం మాత్రమే ఉంది. దీనికి Puppet Warp సరిగ్గా తగింది. మెడ ఎముకల వెంట మూడు పిన్నులు కదలకుండా గుచ్చాను, దవడ కింద రెండు పిన్నులు పెట్టి వాటిని గడ్డం జరిగినంత, 16 పిక్సెళ్లు, కుడికి జరిపాను. మధ్యనున్న చర్మం మెల్లగా సాగి రెండింటినీ కలిపింది. తల కుడికి జరగడంతో ఎడమవైపు చెవికీ భుజానికీ మధ్య తెరుచుకున్న సందులో మెడ అంచు లోపలికి గుంటలా కనిపించింది. అక్కడ ఇంకో పిన్ను పెట్టి బయటకు తెచ్చాను.

తల, మెడ కలిసే అతుకును దవడ గీత వెంట వేయకూడదు. గడ్డం కింద పడే నీడ ముఖంతోనే కదలాలి. నీడను మెడకు వదిలేస్తే గడ్డం ఒకచోట, దాని నీడ ఇంకోచోట అవుతుంది. అందుకే తల లేయర్‌ను కత్తిరించేటప్పుడే గొంతు సగం వరకు కలిపి తీసుకున్నాను, మాస్క్ అంచును నీడకు కింద ఉన్న మెడ ముడతలో దాచాను. పెద్దవాళ్ల మెడ మీద అడ్డంగా రెండు మూడు ముడతలు ఉంటాయి. అతుకు వేయడానికి అంతకంటే మంచి చోటు లేదు.

బుట్టలు

ఇంత చేశాక కూడా ఏదో తప్పుగానే ఉంది. కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి. మధ్య గీత ఒక డిగ్రీలో ఉంది, భుజాలు 2లో ఉన్నాయి. అయినా చూస్తే తల ఇంకా అటే లాగుతున్నట్టు ఉంది. `Image > Image Rotation > Flip Canvas Horizontal` పెట్టి బొమ్మను అద్దంలోలా తిరగేశాను. ఎక్కువసేపు చూసి అలవాటుపడిన కన్ను అలా తిరగేస్తే కొత్తగా చూస్తుంది. అప్పుడు కనిపించింది. తలతో పాటు బుట్టలు కూడా 5 డిగ్రీలు తిరిగాయి. రెండు చెవుల నుంచి రెండు బుట్టలూ ఒకే వైపుకు, గాలికి కొట్టుకుపోతున్నట్టు, ఏటవాలుగా నిలబడి ఉన్నాయి. ముఖం నిటారుగా ఉంది, లోకమే పక్కకు వాలింది.

రెండు బుట్టల్నీ తిప్పకముందున్న బొమ్మలోంచి విడిగా కత్తిరించి తెచ్చుకున్నాను. తల Smart Objectను తెరిచి, దాని లోపల ఉన్నవాటిని పక్కనున్న జుట్టు, మెడ రంగులతో Clone Stamp పెట్టి చెరిపేశాను. చెవి కమ్మ కొక్కెం పట్టే చోటును గుర్తుపెట్టుకుని, ఆ బిందువు కొత్త చోటుకు వచ్చేలా బుట్టను జరిపాను, తిప్పలేదు. చెవిదిద్దు చెవితో తిరిగింది, దాని కింద బుట్ట నిలువుగా వేలాడింది. మల్లెపూల చివర భుజం మీదకు జారి ఉన్న చోట కూడా ఇదే చేశాను. ఈ చిన్న పనికి అరగంట పట్టింది. అది అయిన మరుక్షణం తల నిలబడింది. అప్పటి నుంచి వేలాడేవి ఏమున్నాయో చూడకుండా ఏ తలనూ తిప్పడం లేదు. జడ, జూకాలు, గొలుసు, కళ్లద్దాలకు కట్టిన తాడు, మెడ మీద జారిన కండువా కొస, అన్నీ ఈ కోవలోవే.

చివరి పరీక్షలో దొరికిన తప్పు

మెడ కుడివైపు అంచును, బ్రష్‌తో తోసి సర్దే Liquifyలో కొంచెం నునుపు చేశాను. ప్రింటుకు పంపే ముందు ముఖం ఎక్కడైనా చెదిరిందేమో చూడటానికి, కెమెరా వాలు తీసేసిన ఫొటోలోని తలను అదే 5 డిగ్రీలు తిప్పి, పూర్తయిన బొమ్మ మీద పెట్టి, దాని బ్లెండ్ మోడ్ Difference చేశాను. రెండూ ఒకటే అయిన చోట నల్లగా ఉంటుంది, తేడా ఉన్నచోట వెలుగు కనిపిస్తుంది. ముఖమంతా నల్లగా ఉంది, చెవుల దగ్గర బుట్టల చోట వెలుగు ఉంది, అది ఉండవలసిందే. కానీ కుడి దవడ వెంట సన్నని వెలుగు గీత ఒకటి మెరిసింది. మెడను తోస్తున్నప్పుడు బ్రష్ అంచు దవడకు తగిలి దాన్ని మూడు పిక్సెళ్లు లోపలికి నెట్టింది. కంటితో నేను దాన్ని పట్టలేకపోయాను. Liquify మళ్లీ తెరిచి, Freeze Mask Toolతో దవడ అంతా పూసి గట్టిపరిచి, మెడ అంచు తిరిగి చేశాను. ఆ గీత పోయింది.

పటానికి వెనకాల మామూలు బూడిదరంగు వేశాను. గాజుపలక లేని ప్రింటు ముందు చూపించాను. కూతురు ఈసారి వెంటనే ఏమీ అనలేదు. చూపుడువేలు బొట్టు మీద ఉంచి, ముక్కు మీదుగా గడ్డం దాకా మెల్లగా దించారు. "ఇది అమ్మే" అన్నారు.

కొడుకు మాత్రం, ఇంకొంచెం నిటారుగా చేస్తే బాగుంటుందేమోనండీ అన్నారు. తల Smart Object కాబట్టి `Ctrl+T` నొక్కగానే కోణం గడిలో నేనిచ్చిన 5 అలాగే ఉంది. దాన్ని 6 చేసి, రెండు బొమ్మలూ తెర మీద పక్కపక్కన పెట్టి ఆయనను కూర్చోబెట్టాను. ఆయన వాటిని మార్చి మార్చి చూశారు. ఆరు డిగ్రీల బొమ్మలో మెడ మీద బిగిసిన నరాన్ని వేలితో చూపించి, "ఇక్కడ ఏదో పట్టేసినట్టు ఉంది, మొదటిదే ఉంచండి" అన్నారు. అయిదుతోనే ఫ్రేము కట్టి ఇచ్చాను.